డబ్బా మీద 165, తెర మీద 60

మన హాస్టల్లో చదివి బయటికి వెళ్లి ఉద్యోగాల్లో కుదురుకున్న వాళ్లలో చాలామంది మొదటి రెండు మూడు జీతాలతో కంప్యూటరు కొనుక్కుంటున్నారు. ఇంకా చదువుతున్న తమ్ముళ్లు కొందరు స్కాలర్‌షిప్పు డబ్బు దాచుకుని నిజామాబాద్ వెళ్లి పాత సెట్టు తెచ్చుకుంటున్నారు. ఈ మధ్య అందరి నోటా ఒకటే మాట వినబడుతోంది: "అన్నా, 144 హెర్ట్జ్ మానిటరు తీసుకున్న", "165 హెర్ట్జ్ తీసుకున్న" అని. మామూలు మానిటరు కంటే నాలుగైదు వేలు ఎక్కువ పెట్టి కొంటారు. తెచ్చి, వైరు పెట్టి, స్విచ్చి వేస్తారు. బొమ్మ చక్కగా వస్తుంది. అంతటితో పని అయిపోయిందనుకుంటారు.

కాని ఆ మానిటరు చాలాసార్లు 60 దగ్గరే నడుస్తూ ఉంటుంది. నెలలు, సంవత్సరాలు అలాగే నడుస్తుంది. ఎవరూ గమనించరు. ఎక్కువ పెట్టిన డబ్బు ఊరికే పోయినట్టే. అది నిజంగా ఎంతలో నడుస్తోందో ఎలా తెలుసుకోవాలి, తక్కువలో నడుస్తుంటే తప్పు సెట్టింగులో ఉందా, వైరులో ఉందా, వైరు గుచ్చిన రంధ్రంలో ఉందా, ఇదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతి.

ముందు హెర్ట్జ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మన ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ అని ఫిజిక్సులో చదువుకున్నాం. సెకనుకు 50 ఆవర్తనాలు అన్నమాట. మానిటరు విషయంలో కూడా అంతే. తెర మీద బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో ఆ లెక్కే దాని రిఫ్రెష్ రేటు. 60 అయితే సుమారు పదిహేడు మిల్లీ సెకన్లకు ఒక బొమ్మ. 165 అయితే ఆరు మిల్లీ సెకన్లకు ఒకటి. మౌసు కదిపినప్పుడు, పేజీ పైకీ కిందికీ జరిపినప్పుడు, ఆట ఆడినప్పుడు ఈ తేడా కంటికి తెలుస్తుంది. వర్డులో టైపు చేసేవాడికి పెద్దగా తెలియదు. సినిమా చూసేవాడికి అసలే తెలియదు, ఎందుకంటే సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 బొమ్మలతోనే తీస్తారు. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైను చేసుకునే తమ్ముడు నన్ను అడిగితే 165 కోసం డబ్బు పెట్టవద్దనీ, రంగులు బాగా చూపించే మానిటరు తీసుకోమనీ చెబుతాను. కాని కొన్నాక మాత్రం కొన్నదంతా వాడుకోవాలి కదా.

2000 ప్రాంతంలో కంప్యూటరు నేర్చుకున్న పూర్వ విద్యార్థులకు ఈ రిఫ్రెష్ రేటు కొత్త మాట కాదు. అప్పుడు ఇన్‌స్టిట్యూట్లలో ఉన్నవి వెనక పెద్ద డొప్ప ఉన్న గాజు గొట్టం మానిటర్లు. వాటిని 60లో పెడితే తెర వణికేది. ట్యూబులైటు కింద కూర్చుంటే ఇంకా ఎక్కువ. గంటసేపటికి కళ్లు మంట, తలనొప్పి. అప్పుడు తెలిసినవాడు ఎవడో వచ్చి సెట్టింగుల్లో 85 చేసిపోతే ప్రాణం కుదుటపడేది. అంటే ఆ మానిటరు తన జబ్బు తానే చెప్పుకునేది. ఇప్పటి పలుచని మానిటర్లు అలా కాదు. వీటిలో వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, ముందున్న చుక్కలు మాత్రమే మారుతూ ఉంటాయి. అందుకని 60లో పెట్టినా వణకవు. కన్ను ఫిర్యాదు చెయ్యదు కాబట్టి మనమే వెతికి చూసుకోవాలి.

అసలు 165 మానిటరు 60లో ఎందుకు మొదలవుతుంది? మానిటరులో చిన్న జ్ఞాపకపు చిప్పు ఒకటి ఉంటుంది. తాను ఏయే సైజులు, ఏయే రేట్లు చూపించగలదో ఆ పట్టిక అందులో రాసి ఉంటుంది. వైరు గుచ్చగానే కంప్యూటరు ఆ పట్టికను చదువుకుంటుంది. దీన్ని ఇడిఐడి అంటారు. ఆ పట్టికలో "నాకు ఇష్టమైనది ఇది" అని మొదట రాసుకున్నది సాధారణంగా 60 హెర్ట్జే. ఎందుకంటే ఏ కంప్యూటరుకు తగిలించినా, ఏ వైరుతో తగిలించినా ముందు బొమ్మ రావాలి. కంపెనీవాళ్లు చేసింది తెలివైన పనే. తరువాత పెంచుకోవలసింది మనం.

విండోస్ 11లో చూడటం ఇలా. డెస్క్‌టాపు మీద ఖాళీ చోట మౌసు కుడి బొత్తం నొక్కి `Display settings` ఎంచుకోండి. కిందికి జరిపితే `Advanced display` కనబడుతుంది. రెండు మానిటర్లు ఉంటే పైన మీకు కావలసిన మానిటరు పేరే ఉందో లేదో ముందు చూసుకోండి. అక్కడ `Desktop mode` అని ఒకటి, `Active signal mode` అని ఒకటి వరుసగా రాసి ఉంటాయి. మొదటిది విండోసు గీస్తున్న బొమ్మ లెక్క. రెండవది వైరులో నిజంగా బయటికి పోతున్న సంకేతం లెక్క. మనం నమ్మవలసింది రెండవదాన్ని. ఆ కిందనే `Choose a refresh rate` అని చిన్న జాబితా ఉంటుంది. దాన్ని తెరిచి అన్నిటికంటే పెద్ద అంకె నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది. అలాగే ఉంచాలా అని అడుగుతుంది, `Keep changes` నొక్కాలి. బొమ్మ రాకపోతే ఏమీ ముట్టుకోకుండా కాసేపు ఆగండి, దానంతట అదే పాత రేటుకు వెళ్లిపోతుంది.

జాబితాలో 165 బదులు 164.96 అని, 60 బదులు 59.95 అని కనబడితే మోసపోయామని కంగారు పడవద్దు. చుక్కల లెక్కను గడియారపు లెక్కకు సర్దేటప్పుడు వచ్చే చిల్లర తేడా అది.

లైనక్సు వేసుకున్న కంప్యూటరయితే, పాత ఎక్స్ పద్ధతిలో నడుస్తున్నట్టయితే, టెర్మినలులో ఈ ఒక్క మాట కొడితే చాలు:

```
xrandr
```

వచ్చిన వరుసల్లో ఏ అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉందో ఇప్పుడు నడుస్తున్నది అదే. పక్కన ఉన్న మిగతా అంకెలు నడపగలిగినవి. కొత్త వేలాండ్ పద్ధతిలో అయితే ఈ మాట నమ్మదగ్గది కాదు, సెట్టింగుల్లో `Displays` తెరిచి చూసుకోవాలి.

చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది. జాబితాలో 165 ఉంటుంది, ఎవరూ ఎంచుకోక 60లో ఉండిపోయి ఉంటుంది. అసలు చిక్కు జాబితాలోనే 165 లేనప్పుడు మొదలవుతుంది. బోధన్‌లో శక్కర్‌నగర్ దగ్గర గది తీసుకుని ఉంటున్న మన పూర్వ విద్యార్థి ఒకరి కంప్యూటరు దగ్గర నేను చూసింది అదే. దాన్ని మొదటి నుంచి చెబుతాను, ఎందుకంటే రాగల ఇబ్బందులు దాదాపు అన్నీ వరుసగా అక్కడే వచ్చాయి.

మానిటరు 27 అంగుళాలది. అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలు. డబ్బా మీద 165 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. కంప్యూటరులో కోర్ ఐ5 10400 ప్రాసెసరు, దానికి తోడు జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. అతను సెట్‌టాప్ బాక్సుకు వాడిన అయిదు మీటర్ల హెచ్‌డిఎంఐ వైరుతో మానిటరు తగిలించుకున్నాడు. జాబితా తెరిచి చూస్తే 60 ఒక్కటే ఉంది. "అన్నా, షాపతను నకిలీ మానిటరు అంటగట్టిండు" అని అప్పటికే కోపంగా ఉన్నాడు.

వెనక్కి వెళ్లి చూస్తే వైరు మదర్‌బోర్డు మీది హెచ్‌డిఎంఐ రంధ్రంలో ఉంది. కంప్యూటరు డబ్బా వెనక పైభాగంలో యుఎస్‌బి, నెట్టు వైరు రంధ్రాల పక్కన ఉండేది మదర్‌బోర్డుది. వాటికి కింద, అడ్డంగా పడుకున్న పట్టీలో ఉండేవి గ్రాఫిక్స్ కార్డువి. కార్డు ఉన్నప్పుడు మానిటరు వైరు కార్డుకే పెట్టాలి. కొన్ని మదర్‌బోర్డులు కార్డు పెట్టగానే తమ రంధ్రాన్ని మూసేస్తాయి, అప్పుడు బొమ్మే రాదు, తప్పు వెంటనే తెలుస్తుంది. కొన్ని మూయవు. బొమ్మ వస్తుంది, మనం సరిగ్గానే పెట్టామనుకుంటాం. ఇతని బోర్డు ఆ రకం.

ఆ రంధ్రంలో 60 మాత్రమే ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం లెక్క చెయ్యాలి. పదో తరగతి వాళ్లకు కూడా అర్థమయ్యే గుణకారమే.

2560ని 1440తో గుణిస్తే సుమారు 36 లక్షల 86 వేల చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 60 బొమ్మలు పంపితే 530 కోట్ల బిట్లు, అంటే 5.3 గిగాబిట్లు. బొమ్మకూ బొమ్మకూ మధ్య, గీతకూ గీతకూ మధ్య కొంత ఖాళీ కూడా పంపుతారు. అది కలిపితే సుమారు 5.8 అవుతుంది. అదే 120 బొమ్మలైతే ఖాళీతో కలిపి 11.6. 144 అయితే 14.1. 165 అయితే 16.3 గిగాబిట్లు.

ఇక రంధ్రాల సంగతి. ఆ తరం మదర్‌బోర్డుల మీది హెచ్‌డిఎంఐ ఎక్కువగా 1.4 రకం. బొమ్మ కోసం అది మోయగలిగేది 8.16 గిగాబిట్లు. 2.0 రకం 14.4 మోస్తుంది. డిస్‌ప్లే పోర్టు 1.2 రకం 17.28 మోస్తుంది. ఇప్పుడు రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి. 1.4 రంధ్రంలో 60 హాయిగా పడుతుంది, 120 పట్టదు. కాబట్టి కంప్యూటరు 120, 144, 165 మూడింటినీ జాబితా నుంచి కొట్టేసింది. మానిటరు నకిలీది కాదు. తూము చిన్నది.

మన నిజాంసాగర్ ఆయకట్టు పిల్లలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ప్రాజెక్టులో ఎన్ని నీళ్లున్నా, ప్రధాన కాలువ ఎంత నిండుగా పారుతున్నా, మీ చెరకు మడికి వచ్చేది మీ తూమూ మీ పిల్లకాలువా ఎంత పట్టనిస్తే అంత. ఇక్కడ కూడా అయిదు ఉన్నాయి. గ్రాఫిక్స్ చిప్పు, కంప్యూటరు వైపు రంధ్రం, వైరు, మానిటరు వైపు రంధ్రం, మానిటరు తెర. అయిదింటిలో ఏది ఇరుకో దాని మాటే చెల్లుతుంది.

వైరు మదర్‌బోర్డు నుంచి తీసి కార్డు మీది హెచ్‌డిఎంఐకి మార్చాం. ఆ కార్డుది 2.0 రకం. జాబితా తెరిస్తే 120, 144 వచ్చాయి. 165 మాత్రం లేదు. లెక్క చూడండి, 144కు 14.1 కావాలి, తూము 14.4. అంచుకు తగిలీ తగలకుండా పట్టింది. 165కు 16.3 కావాలి, పట్టదు. ఇలాంటి మానిటర్లకు అట్ట మీద 165 అని పెద్దగా వేసి, లోపలి పుస్తకంలో హెచ్‌డిఎంఐలో 144, డిస్‌ప్లే పోర్టులో 165 అని సన్నని అక్షరాలతో వేయడం మామూలు. ఆ పుస్తకాన్ని డబ్బాతో పాటు పారేయకండి.

సరే, 144 అయినా చాలనుకుని ఎంచుకున్నాం. బొమ్మ వచ్చింది. రెండు నిమిషాలకు తెర ఒక్క సెకను నల్లబడి మళ్లీ వచ్చింది. తరువాత నల్లని చోట్లలో అక్కడక్కడ తెల్లని చుక్కలు మిణుగురుల్లా మెరవడం మొదలైంది. ఇది వైరు జబ్బు. ఈ రెండు లక్షణాలు గుర్తుపెట్టుకోండి.

హెచ్‌డిఎంఐ 2.0 వరకు ఉన్న పద్ధతిలో ఒక లోపం ఉంది. అటూ ఇటూ ఉన్న రంధ్రాలు ఎంత మోస్తాయో కంప్యూటరు తెలుసుకుంటుంది గాని, మధ్యలో ఉన్న వైరు ఎంత మోస్తుందో పరీక్షించదు. అందుకని చెత్త వైరు పెట్టినా జాబితాలో 144 కనబడుతుంది. ఎంచుకున్నాక బొమ్మ చెడుతుంది. డిస్‌ప్లే పోర్టు అలా కాదు. తగిలించగానే రెండు చివర్లూ ఆ వైరు మీద చిన్న పరీక్ష నడిపి, ఎంత వేగానికి నిలబడుతుందో చూసుకుని దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. వైరు బలహీనంగా ఉంటే సాధారణంగా జాబితాలో నుంచి పెద్ద అంకెలే మాయమవుతాయి. కాబట్టి హెచ్‌డిఎంఐలో అంకె ఉండి బొమ్మ చెడితే వైరును అనుమానించండి. డిస్‌ప్లే పోర్టులో అంకే లేకపోతే, మిగతావన్నీ సరిగ్గా ఉంటే, అప్పుడూ వైరునే అనుమానించండి.

అతని అయిదు మీటర్ల వైరు సెట్‌టాప్ బాక్సుకు ఏళ్ల తరబడి మచ్చ లేకుండా పని చేసింది. "మంచి వైరే అన్నా" అన్నాడు. మంచిదే, ఆ పనికి. టీవీకి పంపే 1920, 1080 బొమ్మ 60లో నాలుగు గిగాబిట్లు కూడా దాటదు. దాని మీద 14 మోపితే పొడుగు వైరు నిలబడదు. పొడుగు పెరిగేకొద్దీ సంకేతం నీరసిస్తుంది. టేబులు మీద కంప్యూటరుకు రెండు మీటర్లు మించి అవసరం ఉండదు. అవసరం లేని పొడుగు కొనకండి.

వైరు కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్పాలి. "1.4 వైరు ఉంది, 2.0 వైరు ఉంది, 2.1 వైరు ఉంది" అని కౌంటరు వెనక చెబుతారు. ఆ అంకెలు రంధ్రాలకు చెందినవి, వైర్లకు కావు. వైర్లకు తరగతులుంటాయి. హై స్పీడ్ అని ఉన్నది 10.2 గిగాబిట్ల తరగతి. ప్రీమియం హై స్పీడ్ అని ఉన్నది 18 తరగతి. అల్ట్రా హై స్పీడ్ అని ఉన్నది 48 తరగతి. (ఈ అంకెల్లో సంకేతాన్ని కాపాడే అదనపు బిట్లు కూడా కలిసి ఉంటాయి. పైన చెప్పిన 14.4 అనేది ఈ 18లో బొమ్మకు మిగిలే భాగం.) మన లెక్కకు ప్రీమియం సరిపోతుంది. ప్రీమియం, అల్ట్రా తరగతుల అట్ట మీద పరీక్షించినట్టు ఒక స్టిక్కరు ఉంటుంది, ఫోనుతో స్కాను చేసి నిజమో కాదో చూసుకోవచ్చు. స్టిక్కరు లేకుండా ఊరికే 8కె అని బంగారు రంగులో వేసినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇంకొక మోసం, నిజానికి మోసం కాదు, మన అపోహ. వైరు పొడుగునా సన్నగా ఏడబ్ల్యూఎం స్టైల్ 20276, 80 డిగ్రీలు, 30 వోల్టులు అని ముద్రించి ఉంటుంది. దాన్ని చూసి కొందరు ఇది మంచి కంపెనీ వైరని, వేగం ఎక్కువని అనుకుంటారు. అది వైరు పైతొడుగు ఎంత వేడికి, ఎన్ని వోల్టులకు తట్టుకుంటుందో చెప్పే గుర్తు మాత్రమే. వేగానికీ దానికీ సంబంధం లేదు.

కథలోకి వద్దాం. మానిటరు డబ్బా అతను దాచాడు, మంచి పని చేశాడు. వెతికితే అడుగున ప్లాస్టిక్ సంచిలో కట్టు విప్పని డిస్‌ప్లే పోర్టు వైరు ఉంది. చాలా మానిటర్లకు కంపెనీవాళ్లే ఇది ఇస్తారు. ఒక మూల నరికినట్టుండే ఆకారం చూసి "ఇది మనకు పట్టదు" అని పక్కన పెట్టేస్తారు మనవాళ్లు. దాన్ని కార్డు మీది డిస్‌ప్లే పోర్టుకు, మానిటరు డిస్‌ప్లే పోర్టుకు పెట్టాం. మానిటరు బొత్తాలతో మెనూ తెరిచి ఇన్‌పుట్ మార్చాం. జాబితా తెరిస్తే ఈసారి 165 ఉంది.

మీ దగ్గర ఇక్కడ కూడా రాకపోతే మానిటరు సొంత మెనూలో రెండు చోట్ల చూడాలి. కొన్ని మానిటర్లలో డిస్‌ప్లే పోర్టు రకం 1.1 అని, 1.2 అని ఎంచుకునే వీలుంటుంది. అది 1.1లో ఉంటే 8.64 గిగాబిట్లే మోస్తుంది, మళ్లీ చిన్న తూమే. ఇంకొన్ని మానిటర్ల అసలు బలం 144, పైన 165 అనేది ఓవర్‌క్లాక్ అనే మీట నొక్కితే గాని రాదు. ఆ మీట కంప్యూటరులో ఉండదు, మానిటరు మెనూలోనే ఉంటుంది.

డిస్‌ప్లే పోర్టు నుంచి హెచ్‌డిఎంఐకి మార్చే చిన్న ముక్కలు కూడా అమ్ముతారు. పాత ఆఫీసు కంప్యూటర్లు కొన్న తమ్ముళ్లు వీటిని ఎక్కువగా వాడుతున్నారు, ఎందుకంటే వాటి వెనక డిస్‌ప్లే పోర్టు, పాత విజిఎ తప్ప వేరే ఉండవు. చవక ముక్కల్లో చాలావాటి హద్దు 1920, 1080 బొమ్మను 60లో చూపడం వరకే. మానిటరుకు డిస్‌ప్లే పోర్టు ఉంటే ఆ ముక్క కొనకుండా నేరుగా డిస్‌ప్లే పోర్టు వైరే పెట్టుకోండి. అయితే పాత ప్రాసెసరు లోపలి గ్రాఫిక్సుకు దాని హద్దు దానికి ఉంటుంది. అయిదిట్లో మొదటిదే ఇరుకైతే వైరు మార్చి లాభం లేదు.

165 ఎంచుకున్నాక పని పూర్తయినట్టేనా? రెండు చోట్ల సరిచూసుకోవాలి. మొదటిది మానిటరునే అడగడం. మానిటరు మెనూలో సమాచారం అనే పేజీ ఉంటుంది, ఇంగ్లీషులో `Information` అని కనబడుతుంది. తనకు వైరులో ఎంత అందుతోందో మానిటరు అక్కడ చెబుతుంది. `2560x1440` అని, `165Hz` అని ఉంటే పంపేవాడి మాటా అందుకునేవాడి మాటా కలిసినట్టు. షాపులో కొనేటప్పుడు చూపించమని అడగవలసింది కూడా ఈ పేజీనే. ఇంటికి తెచ్చినా, వాపసు తీసుకునే గడువు దాటకముందే చూసుకోవాలి. గడువు తరువాత తెలిస్తే వాదన తప్ప ఏమీ మిగలదు.

రెండవది, అందుకున్న బొమ్మలన్నీ మానిటరు నిజంగా చూపిస్తోందా అన్నది. కొన్ని మానిటర్లు, ముఖ్యంగా బలానికి మించి పెంచి నడిపినవి, 75 తీసుకుంటున్నామని చెప్పి మధ్యలో కొన్ని బొమ్మలు మింగేస్తాయి. దీనికి `testufo.com/frameskipping` తెరవండి. రెండు మానిటర్లుంటే ఒకటి తీసేయండి, లేకపోతే బ్రౌజరు ఏ లెక్క పట్టుకుందో తెలియదు. తెర మీద గళ్లు ఉంటాయి, ఒక తెల్ల గడి వరుసగా నడుస్తూ పోతుంది. ఫోను కెమెరాలో ప్రో మోడు పెట్టి షట్టరు సెకనులో పదో వంతుకు మార్చి, ఫోను కదలకుండా పుస్తకాల మీద ఆనించి ఫోటో తీయండి. ఫోటోలో వెలిగిన గళ్లు తెగకుండా ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. 165లో అయితే పదహారు, పదిహేడు గళ్లు పడతాయి. 60లో అయితే ఆరు. మధ్యలో చీకటి గడి ఉంటే మానిటరు బొమ్మ మింగుతోందన్నమాట, ఒక మెట్టు కిందికి దించి మళ్లీ ఫోటో తీయాలి. అయితే ఆ పేజీ తానే తడబడినట్టు హెచ్చరిక చూపితే ఆ ఫోటో లెక్కకు రాదు. మిగతా కార్యక్రమాలన్నీ మూసి మళ్లీ తీయండి. శక్కర్‌నగర్ మానిటరుకు మూడు ఫోటోలు తీశాం, మూడింటిలోనూ పదహారో పదిహేడో, తెగకుండా వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం. మానిటరు 165లో నడవడం వేరు, ఆట 165 బొమ్మలు తయారు చేయడం వేరు. జీటీఎక్స్ 1650 కార్డు కొత్త పెద్ద ఆటల్లో ఈ సైజు తెరకు 60 బొమ్మలు కూడా ఇవ్వలేకపోవచ్చు. అప్పుడు మానిటరు అదే బొమ్మను రెండేసి, మూడేసి సార్లు చూపిస్తుంది. అది వైరు తప్పు కాదు, మానిటరు తప్పు కాదు. ఆటలో రేటు పడిపోతే ముందు డెస్క్‌టాపు మీద మౌసు గిరగిరా తిప్పి చూడండి. అక్కడ బాణం గుర్తులు దగ్గర దగ్గరగా వస్తుంటే వైరు వరకు అంతా సవ్యంగానే ఉందని అర్థం.

ల్యాప్‌టాపు ఉన్నవాళ్లకు ఒక మాట. కరెంటు పోయి బ్యాటరీ మీదికి రాగానే కొన్ని ల్యాప్‌టాపులు తమ తెరను వాటంతట అవే 60కి దించుకుంటాయి. ఛార్జరు పెట్టి మళ్లీ చూశాకే తప్పు వెతకడం మొదలుపెట్టండి.

వైరు ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి మార్చిన ప్రతిసారీ విండోసు దాన్ని కొత్త మానిటరుగా భావించి మళ్లీ 60 దగ్గర మొదలుపెట్టవచ్చు. గది ఊడ్చేటప్పుడు వైరు తీసి వేరే రంధ్రంలో పెట్టినా, డ్రైవరు కొత్తది వేసినా అంతే. అలాంటి మార్పు జరిగిన రోజు ఒకసారి `Advanced display` తెరిచి అంకె చూసుకోండి. ఎంచుకోవడానికి అర నిమిషం పడుతుంది.